హాఫ్ ల్యాప్ జాయింట్లతో బాల్కనీ జాలీ ఫ్రేమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాల బెడద ఉన్న ప్రతి బాల్కనీకీ ఒక జాలీ కావాలి. ఆ జాలీని బిగించడానికి తేలికగా ఉంటూ, మూలలు కదలకుండా నిలిచే చెక్క ఫ్రేమ్ కావాలి. ఈ పేజీలో ఒకే ఒక్క ఫ్రేమ్ గురించి చెబుతున్నాను. ఎత్తు 1200 మి.మీ., వెడల్పు 900 మి.మీ. మూడు నిలువు పట్టీలు, మూడు అడ్డ పట్టీలు. అన్నీ 35 మి.మీ. చదరపు కర్ర. చూడటానికి నాలుగు గళ్ల కిటికీలా ఉంటుంది. పట్టీలు కలిసే చోట్లు తొమ్మిది, తొమ్మిదీ హాఫ్ ల్యాప్ జాయింట్లే.

హాఫ్ ల్యాప్ అంటే ఏమిటి? మూలల్లో మేకులు కొడితే సరిపోదా?

రెండు కర్రలు కలిసే చోట ఒక్కోదానిలో సగం మందం తీసేసి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడమే హాఫ్ ల్యాప్. కలిపాక కూడా అక్కడి మందం ఒక కర్ర మందమే.

మేకులతో పని ఎందుకు కాదో చెబుతాను. కర్ర కొసను ఇంకో కర్ర పక్కకు ఆనించి ఫెవికాల్ పెడితే, కొసలో ఉన్న సన్నని రంధ్రాలు జిగురును లోపలికి పీల్చేసుకుంటాయి. పైన పట్టు అంతగా మిగలదు. ఇక భారమంతా రెండు మేకుల మీదే పడుతుంది. ఫ్రేమ్‌ను ఒక మూల పట్టుకుని నెడితే మేకులు ఇరుసుల్లా పనిచేసి, చదరం కాస్తా వాలిపోతుంది. హాఫ్ ల్యాప్‌లో అలా కాదు. ఇక్కడ తగిలేవి కొసలు కాదు, రెండు కర్రల పక్క ముఖాలు. ఒక్కో చోట 35 బై 35, అంటే సుమారు 12 చదరపు సెంటీమీటర్ల జిగురు పట్టు దొరుకుతుంది. పైగా నడిమి గాడి ఉన్న చోట దాని గోడలు అవతలి కర్రను రెండు వైపులా పట్టుకుని ఉంటాయి. ఫ్రేమ్ వాలాలంటే ఆ పట్టు మొత్తం ఒకేసారి తెగాలి.

ఏ కర్ర తీసుకోవాలి? ఎంత?

ఈ పనికి పైన్ చాలు. టేకు వేస్తే ఎండావానలకు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. పైన్‌తో ఈ ఫ్రేమ్ మొత్తం మూడున్నర కిలోల దగ్గర వస్తుంది. ఒక మనిషి ఒంటి చేత్తో ఎత్తి బాల్కనీలో నిలబెట్టొచ్చు.

టింబర్ డిపోలో ఒకటిన్నర ఇంచీ చదరపు రీపర్ అని అడగండి. అది సుమారు 38 మి.మీ. ఉంటుంది. నాలుగు ముఖాలూ రందా పట్టిస్తే 35కి వస్తుంది. ఎనిమిది అడుగులవి మూడు కొంటే చాలు. ఒక్కో రీపర్‌లోంచి ఒక నిలువు పట్టీ, ఒక అడ్డ పట్టీ వచ్చి, ఇంకా ఒక జానెడు ముక్క మిగులుతుంది. ఆ ముక్కలు పారేయకండి, కోత ప్రాక్టీసుకు అవే కావాలి.

ఎంచుకునేటప్పుడు కర్ర కొసను చూడండి. వలయాల నడిమధ్య చుక్క, అంటే చెట్టు నడిబొడ్డు, ఆ కొసలో కనిపిస్తే ఆ కర్ర వద్దనండి. ఆరేకొద్దీ అది పగుళ్లిచ్చి మెలి తిరుగుతుంది. తర్వాత కర్రను కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. కొంచెం వంపు ఉన్నా ఫర్వాలేదు, మెలిక ఉంటే మాత్రం పనికిరాదు. ముడులు జాయింట్ పడే చోట రాకుండా ముక్కలు పంచుకోండి. ఇంటికి తెచ్చాక ఒకటి రెండు వారాలు ఇంట్లోనే, గాలి ఆడేలా కింద చిన్న చెక్కలు పెట్టి ఉంచండి. రందా ఆ తర్వాతే.

పొడవులు ఎలా లెక్కపెట్టాలి? మందం తీసేయాలా?

తీసేయక్కర్లేదు. హాఫ్ ల్యాప్‌లో ప్రతి పట్టీ ఫ్రేమ్ బయటి అంచు దాకా పోతుంది. కాబట్టి నిలువు పట్టీలు మూడూ 1200, అడ్డ పట్టీలు మూడూ 900.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మూడు నిలువు పట్టీలూ అచ్చం ఒకేలా ఉంటాయి. పై కొసన ఒక కోత, కింది కొసన ఒక కోత, సరిగ్గా నడుమ ఒక గాడి. అడ్డ పట్టీలూ అంతే. మూలలో పడేదా, మధ్యలో పడేదా అన్న తేడా లేదు. అందుకే మూడు పట్టీలను పక్కపక్కన పెట్టి, కొసలు సమం చేసి, క్లాంప్ వేసి, మూడింటి మీదా ఒకేసారి గీత గీయొచ్చు. విడివిడిగా టేపుతో కొలిస్తే ఒక్కో పట్టీకి ఒక్కో అర మిల్లీమీటరు తేడా వస్తుంది. కలిపి గీస్తే కొలతలో తప్పు వచ్చినా మూడింటికీ ఒకే తప్పు వస్తుంది, ఫ్రేమ్ మాత్రం కలుస్తుంది.

ఏ పట్టీలో ఏ వైపు కోయాలో గందరగోళంగా ఉంది.

దీనికి ఒక్క నియమం పెట్టుకుంటే టెన్షన్ పోతుంది. ప్రతి పట్టీకీ బాగా కనిపించే ముఖం ఎంచుకుని, దాని మీద పెన్సిల్‌తో 'ముందు' అని రాయండి. నిలువు పట్టీల్లో మూడు కోతలూ వెనక వైపు నుంచి తీయాలి. అడ్డ పట్టీల్లో మూడు కోతలూ ముందు వైపు నుంచి తీయాలి. తొమ్మిది జాయింట్లకూ ఇదే వర్తిస్తుంది.

లాభం జోడించేటప్పుడు తెలుస్తుంది. అడ్డ పట్టీలు మూడింటినీ ముందు ముఖం పైకి ఉండేలా నేల మీద పరిచి, నిలువు పట్టీలను పైనుంచి దించితే చాలు. ఏదీ పక్క నుంచి దూర్చక్కర్లేదు, వంచక్కర్లేదు. ఒక్క పట్టీలో ఒక్క కోత వైపు మారినా ఈ వరస చెడుతుంది. అందుకే తీసేయాల్సిన భాగం మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు కొట్టాకే రంపం పట్టుకోండి.

సగం లోతు ఎలా గుర్తు పెట్టాలి? టేపుతో పదిహేడున్నర కొలవడం కుదరడం లేదు.

టేపు పక్కన పెట్టండి. దీనికి మార్కింగ్ గేజ్ కావాలి. చెక్క దిమ్మకు ఒక పుల్ల, పుల్ల కొసన ఒక ముల్లు, అంతే ఆ పనిముట్టు.

ముల్లును కంటి అంచనాతో సగానికి పెట్టండి. పనికిరాని ముక్కకు ఒక ముఖం నుంచి దిమ్మ ఆనించి చిన్న చుక్క పొడవండి. తర్వాత ఎదుటి ముఖం నుంచి ఆనించి అక్కడే ఇంకో చుక్క పొడవండి. రెండు చుక్కల మధ్య ఖాళీ ఉంటే, ఆ ఖాళీలో సగం మేర ముల్లును జరపండి. రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే సగం దొరికినట్టే.

ఇప్పుడు ఈ పేజీలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. గేజ్ దిమ్మను ఎప్పుడూ 'ముందు' అని రాసిన ముఖానికే ఆనించండి, నిలువు పట్టీ అయినా అడ్డ పట్టీ అయినా సరే. కోత వెనక నుంచి తీస్తున్నాం కదా అని వెనక ముఖానికి ఆనించకండి. ఎందుకంటే గేజ్ 17.5 బదులు 17కి ఉందనుకుందాం. నిలువు పట్టీలో ముందు వైపు మిగిలేది 17. అడ్డ పట్టీలో ముందు వైపు తీసేది కూడా 17. పదిహేడు లోతు గాడిలో పదిహేడు మందం కూర్చుంటుంది. ముందు ముఖం సమంగా వస్తుంది. సగం కాస్త అటూ ఇటూ అయినా జాయింట్‌కు నష్టం లేదు. కర్రల మందాల్లో చిన్న తేడా ఉన్నా అది వెనక్కే పోతుంది, రందాతో రెండు లాగులు లాగితే సరి. అదే ఒకదానికి ముందు నుంచి, ఇంకోదానికి వెనక నుంచి గీస్తే అర మిల్లీమీటరు తప్పు రెట్టింపై ఒక మిల్లీమీటరు మెట్టుగా ముందు ముఖం మీదే కనిపిస్తుంది.

గాడి వెడల్పు 35 అని గీస్తే చాలా?

చాలదు. మీ కర్ర 35 అని మీరు అనుకుంటున్నారు, అది 34.6 ఉండొచ్చు. నడిమి గుర్తు, అంటే అడ్డ పట్టీలో 450, నిలువు పట్టీలో 600, పెట్టుకున్నాక వెడల్పును అవతలి కర్రతోనే తీసుకోండి. ఆ గుర్తుకు ఒక పక్కన, కర్ర వెడల్పులో సగం దూరంలో మూలమట్టంతో గీత గీసి, దానికి ఆనించి అవతలి కర్రను నిలబెట్టి, రెండో పక్కన చిన్న గాటు పెట్టండి. తర్వాత మూలమట్టం ఆనించి ఆ గాటు మీదుగా గీత లాగండి.

ఈ గీతలు పెన్సిల్‌తో కాదు, పదునైన కత్తితో గీయాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, ఏ అంచు దగ్గర కోయాలో తెలియదు. కత్తి గాటు పైనారను ముందే తెంపేస్తుంది కాబట్టి రంపం ఆడినప్పుడు అంచు చిట్లదు. తర్వాత ఉలి కొసను కూర్చోబెట్టడానికీ ఆ గాటే ఆధారం.

నడిమి గాడి ఎలా తీయాలి?

ముందు రెండు పక్క గోడల కోతలు. రంపం గీత మీద కాదు, తీసేసే భాగం వైపు, గీతను ఆనుకుని నడవాలి. కత్తి గాటులో సగం కోత తర్వాత కూడా అంచు మీద మిగిలి కనిపించాలి. గేజ్ గీత దాకా కోసి ఆపండి. అటు పక్క గీతను కూడా మధ్యమధ్యలో చూసుకోండి. ఇవతల చూస్తూ కోస్తే రంపం అవతల లోతుకు దిగడం మామూలే.

ఆ రెండు కోతల మధ్య ఐదారు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఇంకో నాలుగైదు కోతలు, అన్నీ గీతకు కాస్త పైన ఆగేలా వేయండి. ఇప్పుడు మధ్యలో పల్చని పలకలు నిలబడి ఉంటాయి. ఉలి పెట్టి సుత్తితో కొడితే విరిగి వచ్చేస్తాయి.

చివరి ఒక మిల్లీమీటరులోనే అసలు పని. ఇక్కడ సుత్తి వద్దు. ఉలి చదును ముఖం కింద ఉండేలా, కొసను సరిగ్గా గేజ్ గీతలో పెట్టి, అరచేత్తో ఒక పక్క నుంచి గాడి నడుమ దాకా తోయండి. తర్వాత కర్ర తిప్పి అవతలి పక్క నుంచి నడుమ దాకా. ఒకే వైపు నుంచి అటు దాకా తోస్తే అవతలి అంచు పేడు లేచి ఊడుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడు నడుమ చిన్న గుట్ట మిగులుతుంది. స్టీలు స్కేలు అంచును గాడి అడుగున నిలబెట్టి, వెలుతురు వైపు ఎత్తి చూడండి. స్కేలు రెండు కొసల కింద వెలుగు కనిపించి నడుమ చీకటిగా ఉంటే గుట్ట ఉన్నట్టు. ఆ గుట్టే జాయింట్‌ను ఊగేలా చేస్తుంది, దాన్ని పొరలు పొరలుగా తీసేయండి. నడుమ వెంట్రుకంత పల్లం ఉంటే నష్టం లేదు. అంచుల దగ్గర మాత్రం గీతకు సమంగా ఉండాలి.

కొసల కోతకూ ఇదే పద్ధతా?

దాదాపు ఇదే. తేడా ఒక్కటే, కొసన ఒక గోడే ఉంటుంది, రెండో వైపు తెరిచి ఉంటుంది. గోడ దగ్గర అడ్డంగా కోశాక కొసలోంచి నార వెంట ఉలి పెట్టి చీల్చొచ్చు, పని చాలా త్వరగా అవుతుంది. అయితే ముందు కర్ర పక్క ముఖం మీద నార ఎటు పోతోందో చూడండి. అది కొస నుంచి గోడ వైపు కిందికి దిగుతుంటే, చీలిక మీ గీత దాటి మిగలాల్సిన భాగంలోకి దిగిపోతుంది. మొదటి దెబ్బ గీత మీద కాకుండా తీసేసే భాగంలో సగం ఎత్తున కొట్టి చూడండి. చీలిక పైకి పోతే ధైర్యంగా కిందికి రండి. కిందికి దిగితే చీల్చడం మానేసి రంపంతో కోయండి.

మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు వేసి కోయొచ్చా?

చాలా సైట్లలో అలాగే చేస్తారు. నేను వద్దంటాను. అది రాయి కోసే వేగంతో తిరిగే యంత్రం. పళ్ల బ్లేడు వేశాక చిన్న కర్రలో ఇరుక్కుంటే చేతి మీదికి తన్నుతుంది. యంత్రమే కావాలంటే, లోతు బిగించుకునే వీలున్న సర్క్యులర్ సా తీసుకుని, మూడు పట్టీలను కలిపి టేబుల్‌కు క్లాంప్ వేసి, అడ్డంగా ఒక గైడు చెక్క బిగించి కోయండి. మూడింటికీ ఒకే లోతు వస్తుంది. అడుగు సాపు చేయడం మళ్లీ ఉలితోనే.

జాయింట్ బిగుతుగా ఉంది, దిగడం లేదు. సుత్తితో కొట్టనా?

అరచేతి ఒత్తిడితో, మహా అయితే నాలుగు తట్లతో దిగాలి. అంతకన్నా బిగుతుంటే గాడి గోడలను గీకకండి. లోపల కూర్చోవాల్సిన కర్ర పక్క ముఖానికి రందా ఒక్క లాగు లాగండి. కాగితమంత పొర పోతుంది, ముఖం నిటారుగానే ఉంటుంది. గోడను గీకితే అది వంకర అవుతుంది, పైన సందు కనిపిస్తుంది.

వదులైతే రందా నుంచి వచ్చిన పొడవాటి పొరను జిగురుతో గోడకు అతికించి, ఆరాక మళ్లీ సరిచూసుకోండి. లోతు ఎక్కువైనా అదే వైద్యం, అడుగున పొర వేయడం. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి నింపితే సందు కప్పుకుంటుంది కానీ బలం రాదు. ఆ జిగురు రెండు చెక్కలు గట్టిగా తగిలి ఉన్నప్పుడే పట్టు ఇస్తుంది.

జిగురు పెట్టేటప్పుడు మూలలు లంబంగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది?

ఈ కొలతలు ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే. 900, 1200 భుజాలైతే కర్ణం సరిగ్గా 1500 రావాలి. రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. ఒకటి 1503, ఇంకోటి 1497 వస్తే, పొడుగు కర్ణం ఉన్న మూలలను ఒకదానివైపు ఒకటి మెల్లగా నొక్కండి. జిగురు ఆరకముందే ఇది చేయాలి.

బాల్కనీకి కాబట్టి నీటికి తట్టుకునే రకం జిగురు వాడండి. ఎండాకాలంలో పని పొద్దున్నే పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం జిగురు పూసిన కాసేపటికే పైన పొర కడుతుంది, తొమ్మిది జాయింట్లు పూసి దించేలోపు మొదటిది పనికిరాకుండా పోతుంది. ఇద్దరుంటే మేలు. ముందే కింద ప్లాస్టిక్ కవరు పరిచి, గాడి అడుగునా గోడలకూ పల్చగా పూసి, మూడు నిలువు పట్టీలను వరసగా దించి, ప్రతి జాయింట్‌నూ పైనుంచీ కిందినుంచీ నొక్కి బిగించండి. టైల్స్ నేల సమంగా ఉన్న గది చూసుకోండి. ఫ్రేమ్ మెలికతో ఆరితే తర్వాత దాన్ని తీయలేం.

అన్ని క్లాంపులు లేవు. స్క్రూలు వేయొచ్చా?

వేయాలి కూడా. హాఫ్ ల్యాప్‌కు ఒక బలహీనత ఉంది. పక్కలకు నెడితే గోడలు ఆపుతాయి. కానీ ముందుకు లాగితే ఒక పట్టీ ఇంకోదాని నుంచి పొరలా లేచి రావడానికి జిగురు తప్ప అడ్డు లేదు. గాలివానకు జాలీ మీద పడే ఒత్తిడి సరిగ్గా ఆ దిక్కులోనే ఉంటుంది. కాబట్టి ప్రతి జాయింట్‌కు వెనక నుంచి 30 మి.మీ. స్క్రూలు రెండు, ఐమూలగా, ముందే సన్నని రంధ్రం వేసి బిగించండి. రెండూ ఒకే నార మీద పడితే కర్ర చీలుతుంది. 35 మి.మీ. మందంలో ఇవి ముందుకు పొడుచుకురావు. క్లాంప్ పనీ ఇవే చేస్తాయి.

ఒక మూల పట్టుకుని ఎత్తితే ఫ్రేమ్ కొద్దిగా మెలి తిరుగుతోంది. జాయింట్లు తప్పా?

తప్పు కాకపోవచ్చు. బల్లపరుపుగా పడుకోబెట్టి మూలలను పక్కకు నెట్టి చూడండి. అప్పుడు కదలకపోతే జాయింట్లు బాగున్నట్టే. చదునైన ఏ ఫ్రేమ్ అయినా గాలిలో ఒక మూల ఎత్తితే కాస్త మెలి తిరుగుతుంది, ఎందుకంటే సన్నని కర్ర మెలికను అంతగా ఆపలేదు. గోడకు నాలుగు చోట్ల బిగించగానే అది పోతుంది. కిర్రుమని శబ్దం వస్తే మాత్రం ఏదో ఒక జాయింట్‌లో జిగురు పట్టలేదని అర్థం.

ఇదే పద్ధతిలో ఎంత పెద్ద ఫ్రేమ్ చేయొచ్చు?

గాడి తీసిన చోట కర్ర సగం మందమే మిగులుతుంది. ముందుకూ వెనక్కూ వంగే బలం ఆ ఒక్క చోట సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అతికాక అవతలి కర్ర కొంత ఆసరా ఇచ్చినా దాన్ని నమ్ముకుని లెక్క వేయకూడదు. ఈ కొలతలో జాలీకి ఇబ్బంది లేదు. ఎత్తు రెండు మీటర్లకు పోతే, నిలువు పట్టీల నడిమి గాడి దగ్గర గోడకో రెయిలింగ్‌కో ఒక బిగింపు అదనంగా ఇవ్వండి, లేదా మందమైన కర్ర తీసుకోండి. రోజూ తెరిచి మూసే తలుపుకు హాఫ్ ల్యాప్ వాడను. దానికి ఒక కర్రలో కన్నం తీసి, ఇంకో కర్ర కొసను కుసిగా చెక్కి అందులో దించే జాయింటే సరైనది.

మే నెలలో సందు లేకుండా చేశాను. ఆగస్టులో అంచుల దగ్గర చిన్న మెట్టు తేలింది. ఎందుకు?

ఎండాకాలంలో హైదరాబాద్ గాలి బాగా పొడిగా ఉంటుంది, వానాకాలంలో తేమ పట్టేస్తుంది. కర్ర పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. 35 మి.మీ. పైన్‌లో ఆ తేడా అర మిల్లీమీటరు దాకా రావచ్చు. జాయింట్‌లో రెండు కర్రల నారలు అడ్డంగా కలుస్తాయి కాబట్టి ఒకటి ఉబ్బే దిక్కులో ఇంకోటి ఉబ్బదు, మెట్టు తేలుతుంది. ఇంత సన్నని కర్రలో జిగురు ఆ లాగుడును తట్టుకుంటుంది.

మెట్టును వానాకాలంలో రందా పట్టకండి, వేసవిలో అక్కడ పల్లం పడుతుంది. చూసుకోవాల్సింది వేరే ఉంది. ఫ్రేమ్ పైభాగంలో నిలువు పట్టీల కొసలు మూడూ ఆకాశం వైపు తెరిచి ఉంటాయి. వాన నీరు దిగేది అక్కడే. పెయింట్ గానీ వార్నిష్ గానీ మిగతా చోట్ల రెండు కోట్లు వేస్తే, ఆ కొసలకు పీల్చుకోవడం ఆగేదాకా, మూడు నాలుగు కోట్లయినా సరే వేయండి. పై అడ్డ పట్టీకీ నిలువు పట్టీలకూ మధ్య కనిపించే సన్నని గీత మీద కూడా బ్రష్ ఒకసారి గట్టిగా ఆడించండి.